విమానం ఎగరలేదు, పైసలెందుకు ఎగిరిపోవాలె?

తల్లాడ సెంటర్ల టీ కొట్టు కాడ కూసుంటే విమానాల ముచ్చట రాదనుకునేటోళ్లు ఒక్కసారి వచ్చి చూడాలె. ఖమ్మం పోయే బస్సు, సత్తుపల్లి పోయే బస్సు, కొత్తగూడెం దిక్కు పోయే జీపు, అన్నీ ఈడికెళ్లే మళ్లుతయి. గా జీపుల ఎక్కే పిలగాండ్లే రేపు హైదరాబాద్ పోయి విమానం ఎక్కుతున్నరు. ఒకడు ఢిల్లీల ఆర్మీ కొలువు, ఒకామె బెంగళూరుల నర్సు, ఇంకొకాయనకు కువైట్ వీసా. టికెట్ బుక్ చేసేది మాత్రం మన నెట్ సెంటర్ తమ్ముడే.

2025 డిసెంబర్ మొదటి వారంల ఇండిగో విమానాలు వందలకు వందలు రద్దయినప్పుడు ఈ సంగతి మనకు బాగ తెలిసొచ్చింది. పైలట్ల డ్యూటీ గంటల మీద కొత్త రూల్ వచ్చింది, కంపెనీ దానికి తయారుగ లేదు, దేశమంతా ఎయిర్‌పోర్టులల్ల జనం నేల మీద పండుకున్నరు. విమానయాన శాఖ డిసెంబర్ 7 రాత్రి 8 గంటల్లోపు రీఫండ్లన్నీ పూర్తి చేయాలని గడువు పెట్టింది. కంపెనీ చేతుల పైసలున్నయి, సర్కారు నెత్తి మీద కూసున్నది, కాబట్టి నేరుగా కంపెనీల కొన్నోళ్లకు రీఫండ్ నడిచింది.

నేను చెప్పాలనుకున్నది గది కాదు. కంపెనీ చేతుల పైసలే లేకపోతే ఏంది అని.

గో ఫస్ట్ గుర్తున్నదా? ఒకప్పటి గో ఎయిర్. 2023 మే 2న దివాలా పిటిషన్ వేసింది, మే 3 నుంచి విమానాలు ఆపేసింది. ఇంజిన్లు ఇచ్చే ప్రాట్ అండ్ విట్నీ కంపెనీ మీద తప్పు మోపింది. మే 4న డీజీసీఏ ప్రయాణికుల పైసలు రూల్ ప్రకారం తిరిగియ్యమన్నది. రూల్ ఏందంటే, క్రెడిట్ కార్డుతో కొన్న టికెట్ రద్దయితే 7 రోజుల్ల రీఫండ్ కావాలె. గంతల్నే మే 10న ఢిల్లీల ఉన్న జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ దివాలా పిటిషన్ తీసుకున్నది, దాంతో మారటోరియం మొదలైంది. మారటోరియం అంటే ఆ కంపెనీ మీద ఎవరూ కేసు వేసి పైసలు వసూలు చేసుకోవద్దు అని. వినియోగదారుల కోర్టుకు పోయినా ఆ గోడకే తలకాయ తగుల్తది. ఆఖరికి 2025 జనవరి 20న కంపెనీని లిక్విడేషన్‌కు పంపిన్రు. లిక్విడేషన్ల ముందు ఖర్చులు, పనోళ్ల జీతాలు, బ్యాంకు అప్పులు. టికెట్ కొన్నోడు ఎక్కడో తోకల ఉంటడు.

అట్లాంటప్పుడు పనికొచ్చిన దారే చార్జ్‌బ్యాక్. పేరు కొత్తగ ఉన్నా పని చాన పాతదే. కార్డు గీకినప్పుడు మీ పైసలు నేరుగా విమాన కంపెనీకి పోవు. మీ కార్డు ఇచ్చిన బ్యాంకు నుంచి, వీసా, మాస్టర్‌కార్డ్, రూపే లాంటి నెట్‌వర్క్ మీదుగా, వ్యాపారి ఖాతా నడిపే ఇంకో బ్యాంకుకు పోతయి. ఆ బ్యాంకు వ్యాపారికి ఇస్తది. సేవ అందలేదని మీరు మీ బ్యాంకుకు చెప్తే, ఆ పైసలు వచ్చిన తొవ్వలనే ఎనకకు గుంజొచ్చు. అసలు కీలకం ఇంకోటున్నది. వ్యాపారి ఇయ్యలేని స్థితిల ఉన్నా, వ్యాపారి వైపు బ్యాంకు ఇయ్యాల్సి వస్తది. నెట్‌వర్క్‌ల చేరేటప్పుడే అది గా బాధ్యత ఒప్పుకున్నది. అందుకే విమాన కంపెనీ ఊగుతున్నదని వాసన రాంగనే ఆ బ్యాంకులు టికెట్ పైసలు కొన్ని ఆపి పెట్టుకుంటయి. బ్యాంకులకు తెలిసిన ఈ సంగతి మనకు ఎవరూ చెప్పరు.

చార్జ్‌బ్యాక్ సర్కారు చట్టం కాదు, కార్డు నెట్‌వర్క్‌ల సొంత రూలు. ఇంగ్లండ్‌ల ఉన్న మన పిలగాండ్లకు 1974 నాటి చట్టంల 75వ సెక్షన్ ఉన్నది, 100 పౌండ్లకు పైబడ్డ వస్తువు క్రెడిట్ కార్డుతో కొంటే వ్యాపారితో పాటు కార్డు కంపెనీ కూడ బాధ్యురాలు. మన దగ్గర అట్లాంటి సెక్షన్ లేదు. కాబట్టి మనకు మిగిలేది రెండే, గడువు తప్పకపోవుడు, కాయితం సరిగ ఉండుడు.

ఒక లెక్క పెట్టి చూద్దాం. తల్లాడ పక్క ఊరి తల్లి, కూతురు. ఢిల్లీల కొడుకు కాడికి పోవాలె. 2023 మార్చి 18న నెట్ సెంటర్‌ల రెండు టికెట్లు చేయించుకున్నరు, ప్రయాణం మే 11. టికెట్ల ధర 12,900 రూపాయలు, బుకింగ్ యాప్ వాడి కన్వీనియన్స్ ఫీజు 740, మొత్తం 13,640. సెంటర్ తమ్ముడు తన కమీషన్ 360 కలిపి 14,000 నగదు తీసుకున్నడు. మే మొదటి వారంల రద్దయినట్టు మెసేజ్ వచ్చింది.

ఇప్పుడు మొదటి ప్రశ్న, కార్డు ఎవరిది? చార్జ్‌బ్యాక్ హక్కు ప్రయాణం చేసేటోళ్లది కాదు, కార్డు ఎవరి పేరు మీద ఉన్నదో వాళ్లది. టికెట్ మీద తల్లి పేరున్నా, బ్యాంకు ఆమె మాట వినదు. సెంటర్ తమ్ముడే దరఖాస్తు పెట్టాలె, పైసలు ఆయన కార్డుకే వస్తయి, ఆయన చేతికెళ్లి ఈమెకు రావాలె. ఆమె దగ్గర నగదు ఇచ్చినట్టు రసీదు లేదు. మనూళ్లల్ల రసీదు అడిగితే "ఏందక్కా, నా మీద నమ్మకం లేదా" అంటరు. నమ్మకం ఉన్నది తమ్మీ, కాయితం కూడ ఉండాలె.

ఇంకో మెలిక. చాన సెంటర్లు కార్డుతో బుక్ చెయ్యవు. ఏజెంట్ పోర్టల్‌ల వాలెట్ ఉంటది, దాంట్లకు బ్యాంకు నుంచి పైసలు వేసుకొని అందులకెళ్లి టికెట్ కొడ్తరు. గట్ల కొన్న టికెట్‌కు చార్జ్‌బ్యాకే లేదు, ఎందుకంటే ఆ టికెట్‌కు కార్డు లావాదేవీయే లేదు. రీఫండ్ వస్తే వాలెట్లకే వస్తది. అందుకని టికెట్ కొట్టించుకునే ముందే "కార్డుతోనా, వాలెట్‌తోనా" అని అడగాలె. ఇంట్ల ఎవరికన్న డెబిట్ కార్డున్నా సరే, దాంతో కొట్టమనుడు మేలు. చార్జ్‌బ్యాక్ క్రెడిట్ కార్డుకే అని అనుకుంటరు గని, డెబిట్ కార్డుకు కూడ ఉన్నది. యూపీఐతో కడితే దారి వేరు, ఆ యాప్‌లనే ఫిర్యాదు పెట్టాలె.

మన లెక్కల కార్డే అనుకుందాం, సెంటర్ తమ్ముడిదే. రెండో ప్రశ్న, పైసలు తీసుకున్నది ఎవరు? కార్డు స్టేట్‌మెంట్ తియ్యాలె. అందుల విమాన కంపెనీ పేరుంటే ఆ కంపెనీయే వ్యాపారి. బుకింగ్ యాప్ పేరుంటే ఆ యాపే వ్యాపారి, విమానం ఎవరిదైనా సరే. గో ఫస్ట్ అప్పుడు ఈడ మస్తు లొల్లి అయింది. యాప్‌లు "మా పైసలే విమాన కంపెనీ దగ్గర ఇరుక్కున్నయి, మేమెక్కడికెళ్లి ఇయ్యాలె" అన్నయి. వాళ్ల బాధ అబద్ధం కాదు. కాని ఫారంల వ్యాపారి పేరు కాడ స్టేట్‌మెంట్‌ల ఉన్న పేరే రాయాలె. విమాన కంపెనీ పేరు రాస్తే, ఆ పేరుతో లావాదేవీ లేదని ఎనకకు కొడ్తరు.

మూడోది గడువు. వీసా, మాస్టర్‌కార్డ్ రూళ్లల్ల సేవ అందనప్పుడు 120 రోజులు ఉంటయి. ఎప్పటి నుంచి? ఈడనే మంది పొరపాటు పడ్తరు, బ్యాంకు కౌంటర్ల కూసున్నోళ్లు కూడ. బుక్ చేసిన మార్చి 18 నుంచి లెక్కేస్తే జులై 16కే అయిపోయింది. కాని సేవ అందాల్సిన తేదీ ఉన్నప్పుడు ఆ తేదీ నుంచి లెక్క, అంటే మే 11 నుంచి. అప్పుడు సెప్టెంబర్ 8 దాక టైమున్నది. ఎంత సాగినా లావాదేవీ జరిగిన తేదీ నుంచి 540 రోజులు దాటొద్దు. "గడువు అయిపోయింది" అని కొట్టేస్తే, "ప్రయాణ తేదీ నుంచి లెక్క పెట్టిన్రా" అని రాసి అడగాలె. నోటితోని అడిగితే పని కాదు. అట్లని 119వ రోజు దాక ఆగొద్దు. బ్యాంకు తన దగ్గర కాయితాలు చూసి, నెట్‌వర్క్‌కు ఎక్కించేదానికి కూడ దినాలు పడ్తయి. ముందు వ్యాపారికి రాసి, ఓ 15 రోజులు చూసి, జవాబు లేకపోతే బ్యాంకుకు పోవుడు మంచి లెక్క.

ఇగ కాయితాలు. ఈ-టికెట్ కావాలె, పీఎన్ఆర్ నంబరు, ప్రయాణ తేదీ, పేర్లు కనపడేటట్టు. కార్డు స్టేట్‌మెంట్‌ల ఆ లైన్ ఉన్న పేజీ కావాలె. వ్యాపారిని రీఫండ్ అడిగినట్టు రుజువు కావాలె, ఈమెయిల్ అన్నిటికన్న మేలు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసిన అంటే లెక్కల రాదు, కంప్లైంట్ నంబరన్న రాసి పెట్టుకోవాలె. వాళ్లు జవాబిచ్చినా, ఇయ్యకపోయినా, అదే చెప్పాలె. వీటితోటి బ్యాంకు డిస్ప్యూట్ ఫారం, కార్డుదారు సంతకంతో. ఫారం బ్రాంచిల దొరకకపోతే బ్యాంకు వెబ్‌సైట్‌ల ఉంటది.

అన్నిటికన్న బరువైన కాయితం మాత్రం రద్దు చేసింది కంపెనీయే అని చూపించేది. వాళ్ల ఎస్ఎంఎస్, ఈమెయిల్, కంపెనీ వెబ్‌సైట్ ప్రకటన స్క్రీన్‌షాట్, ఏదైనా సరే, తేదీ, పంపినోళ్ల పేరు కనపడేటట్టు తియ్యాలె. ఈ మెసేజ్ చాన సార్లు సెంటర్ తమ్ముడి నంబరుకే పోతది, ఎందుకంటే బుకింగ్‌ల ఆయన నంబరే పెట్టిండు. ఆయన రోజుకు యాభై మెసేజ్‌లతో పాటు దాన్ని కొట్టేస్తడు. మెసేజ్ పోతే రుజువుకు కాలుచెయ్యి రెండూ పోయినట్టే.

ఇక ఎంతో మందిని ముంచిన పొరపాటు ఒకటి చెప్తా. విమానం రద్దయిందని టీవీల చూడంగనే ఆగమాగమై యాప్ తెరిచి మనమే "క్యాన్సిల్" నొక్కుతం. నొక్కంగనే యాప్ రికార్డుల "ప్రయాణికుడు స్వచ్ఛందంగా రద్దు చేసుకున్నడు" అని పడ్తది. రద్దు చార్జీలు కట్ అవుతయి. రేపు మీరు చార్జ్‌బ్యాక్ వేస్తే, వ్యాపారి గా రికార్డునే తీసి బ్యాంకుకు పంపుతడు, మీరు ఓడిపోతరు. కంపెనీ రద్దు చేసినప్పుడు రద్దు మెసేజ్ వచ్చేదాక ఆగాలె, ఆ తర్వాత "ఎయిర్‌లైన్ రద్దు చేసింది" అనే దారిలనే రీఫండ్ అడగాలె. అట్లనే క్రెడిట్ షెల్ ఇస్తం, వోచర్ ఇస్తం, వేరే తేదీకి మారుస్తం అంటే, ఒప్పుకునే ముందు ఆలోచించుకోవాలె. ఒప్పుకున్నరంటే సేవకు బదులు ఇంకోటి తీసుకున్నట్టే, చార్జ్‌బ్యాక్ బలం పోతది. ఊగుతున్న కంపెనీ వోచర్ అయితే అది మునిగే పడవల సీటు.

దరఖాస్తు పెట్టినంక ఏమైతది? కొన్ని బ్యాంకులు 13,640 కార్డులకు తాత్కాలికంగ జమ చేస్తయి. మనోళ్లు "వచ్చినయిరా" అని మిఠాయి పంచుతరు. అది ఇంక మీది కాదు. వ్యాపారికి తన మాట చెప్పుకునే టైముంటది, ఓ నెల అటు ఇటు. ఆయన కాయితాలు పంపితే మీ బ్యాంకు మిమ్మల్ని మళ్లీ అడుగుతది. ఆ మెయిల్‌కు ఇచ్చిన టైమ్ చాన తక్కువ ఉంటది, జవాబు ఇయ్యకపోతే జమ అయిన పైసలు ఎనకకు పోతయి. చాన కేసులు ఓడేది ఈడనే, రుజువు లేక కాదు, మెయిల్ చూడక. మన లెక్కల ఆ మెయిల్ కూడ సెంటర్ తమ్ముడికే వస్తది మరి.

యాప్ వాడు ఇంకో వాదన కూడ చేస్తడు, "740 మా బుకింగ్ ఫీజు, మేం బుకింగ్ చేసినం, మా పని అయిపోయింది" అని. దాని మీద వాని మాట నెగ్గొచ్చు కూడ. అట్లయితే 12,900 తీసుకొని ఊకోవాలె, 740 కోసం మొత్తం కేసు ఇరుక్కోనియ్యొద్దు. సెంటర్ తమ్ముడి 360 ఎట్లాగూ కార్డు లావాదేవీ కాదు. తల్లాడ నుంచి హైదరాబాద్ దాక కిరాయి కట్టిన కారు పైసలు, పోయిన పని, పడ్డ గోస, ఇవేవీ చార్జ్‌బ్యాక్‌ల రావు. ఎంత గీకిన్రో అంతే, అంతకు మించి పైసా రాదు. ఆ నష్టానికి ఖమ్మంల జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నది, 5 లక్షల లోపు లావాదేవీకి ఫీజు కూడ లేదు. కంపెనీ బతికి ఉంటే గా దారి, మారటోరియంల ఉంటే తలుపు మూసుంటది.

"రీఫండ్ చేసేసినం, మీ బ్యాంకునే అడుగు" అని వ్యాపారి అంటే ఏఆర్ఎన్ నంబరు అడగాలె. ప్రతి కార్డు రీఫండ్‌కు 23 అంకెల నంబరు ఒకటి ఉంటది, దాంతో బ్యాంకు పైసలు ఎక్కడున్నయో వెతుకుతది. ఆ నంబరు ఇయ్యలేకపోతే ఇంక పంపలేదనే అనుకోవాలె. నా లెక్కల ఈ ఒక్క ప్రశ్నతోనే సగం అబద్ధాలు తేలిపోతయి.

క్రెడిట్ కార్డోళ్లకు ఇంకో ఉరి ఉన్నది. "డిస్ప్యూట్ పెట్టినం కద, బిల్లు కట్టేదేంది" అని ఆపేస్తరు. మోసం అని ఫిర్యాదు చేసిన లావాదేవీ మీద తేలేదాక చార్జీలు వెయ్యొద్దని ఆర్‌బీఐ కార్డుల రూళ్లల్ల ఉన్నది. కాని విమానం రద్దు కేసు మోసం కేసు కాదు, టికెట్ కొన్నది మీరే, ఓటీపీ కొట్టింది మీరే. కాబట్టి బిల్లు ఆపితే వడ్డీ పడ్తది, లేట్ ఫీజు పడ్తది. కట్టి కొట్లాడాలె. ఇంకో సంగతి, తొందర పనైతదని ఫారంల "మోసం" అని టిక్ పెట్టొద్దు. బ్యాంకు కార్డు బ్లాక్ చేస్తది, రికార్డుల మీ ఓటీపీ చూస్తది, అబద్ధం చెప్పిన్రని కేసు కొట్టేస్తది. "సేవ అందలేదు" అన్నదే నిజం, అదే రాయాలె.

బ్యాంకు 30 రోజులైనా పలకకపోతే, లేదా కారణం చెప్పకుండ కొట్టేస్తే, ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు. cms.rbi.org.in ల పెట్టొచ్చు, పైసా ఖర్చు లేదు, వకీలు అక్కర లేదు. కాని ముందు బ్యాంకుకే రాసి, ఆ కంప్లైంట్ నంబరు దగ్గర పెట్టుకోవాలె. నేరుగా పోతే వాపస్ పంపుతరు.

ఆన్‌లైన్‌ల కొన్న సామాను రాకపోయినా దారి ఇదే. మా అడవి అంచు ఊర్లల్ల కొరియర్ పిలగాడు ఇంటిదాక రాడు, "డెలివర్డ్" అని కొట్టి పోతడు. గా రోజే వ్యాపారికి "నాకు అందలేదు, ఎవరు సంతకం పెట్టిన్రో చూపియ్యి" అని రాయాలె. ఎవరి ఓటీపీ, ఎవరి సంతకం, ఏ ఫొటో అనేది వాళ్లే చూపియ్యాలె. పది దినాలు ఆగి రాస్తే అనుమానం మీ మీదికే మళ్లుతది. ఒక్కటి మాత్రం యాదిల పెట్టుకోండి, పార్శిల్ చేతికి రాకముందే ఫోన్‌ల ఓటీపీ చెప్తే ఇంక చెప్పుకునేదానికి ఏం మిగలదు.

విమానాలు రద్దయిన దినాలల్ల గూగుల్‌ల కస్టమర్ కేర్ నంబరు వెతికేటోళ్ల కోసం దొంగలు ఎదురు చూస్తుంటరు. రీఫండ్ ఇస్తమని లింక్ పంపి, కార్డు నంబరు, ఓటీపీ అడుగుతరు. రీఫండ్‌కు ఓటీపీ అక్కర లేదు. నంబరు టికెట్ మీద ఉన్నదే చూడాలె. అనుమానముంటే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. పైసలు పోయినయంటే అదే గడియల 1930.

ఆ తల్లీకూతుళ్ల లెక్కకు వస్తే, వాళ్లకు కావాల్సింది సెంటర్‌ల ఒక నోటు పుస్తకం. తేదీ, పీఎన్ఆర్, తీసుకున్న నగదు, కార్డు ఆఖరి నాలుగు అంకెలు, ఇద్దరి సంతకాలు. బుకింగ్‌ల ఫోన్ నంబరు కాడ ప్రయాణికుని నంబరు. మొన్న ఒక సెంటర్ తమ్ముడికి ఇదే చెప్పిన. "అన్నా, పుస్తకం పెడ్త గని, కార్డు అంకెలు రాయొచ్చా" అన్నడు. ఆఖరి నాలుగే రాయి, మొత్తం రాయకు, వెనకాల ఉన్న మూడంకెలు ఎవరికీ చెప్పకు అన్న. నలభై పేజీల పుస్తకం, పది రూపాయలు.